80 శాతం వ్యూస్ 9 వీడియోల్లోనే ఉన్నాయని నాకు క్లెయిమ్ పడ్డాకే తెలిసింది (నా అనుభవం)

నిన్న సాయంత్రమే నా వీడియోల మీద పడ్డ కాపీరైట్ క్లెయిమ్‌లలో ఆఖరిది రిలీజ్ అయినట్టు మెయిల్ వచ్చింది, మూడు వారాల టెన్షన్ ఇంకా పూర్తిగా దిగలేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా.

నాది ఫోటో ఎడిటింగ్ నేర్పే యూట్యూబ్ ఛానెల్, 146 వీడియోలు ఉన్నాయి, మానిటైజేషన్ ఎప్పుడో వచ్చింది. వ్యూస్‌లో ఎక్కువ భాగం కొన్ని వీడియోల నుంచే వస్తుందన్న మాట అందరూ అంటారు, నేనూ అనేవాడిని. కానీ లెక్కేసి చూసింది మాత్రం ఈ మధ్యే. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్లి Advanced mode తెరిచి, గత 365 రోజులు పెట్టి, Export current view నొక్కి సీఎస్‌వీ దించుకుంటే సరిపోతుంది. ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాల పనిలోనే తప్పు చేశా. ఆ ఫైల్లో హెడింగ్ కింద మొదటి వరసే Total అని ఉంటుంది. నేను అది చూసుకోకుండా కాలమ్ మొత్తం కూడేశా, దాంతో మొత్తం డబుల్ అయిపోయి టాప్ 9 వీడియోల వాటా 40 శాతమే అని వచ్చింది. పర్లేదులే, బాగానే పంచుకుని ఉంది అనుకుని వదిలేశా. రెండు నెలలు ఆ తప్పుడు ధైర్యంతోనే ఉన్నా. వ్యూస్ బి కాలమ్‌లో ఉండి, ఎక్కువ నుంచి తక్కువకి సార్ట్ అయి ఉంటే సరైన లెక్క ఇదీ:

```
=SUM(B3:B11)/B2
```

ఏడాదికి 12 లక్షల వ్యూస్, అందులో టాప్ 9 వీడియోలవి 9.6 లక్షలు, అంటే 80 శాతం. 146లో 9 అంటే 6 శాతం చిల్లర. ఇరవై శాతం వీడియోలు ఎనభై శాతం తెస్తాయని అంటారు గానీ నా దాంట్లో ఆరు శాతమే తెస్తున్నాయి. అందులోనూ ఒక్క వీడియోదే 4.1 లక్షలు, మొత్తంలో మూడో వంతు పైనే.

సరిగ్గా ఆ వీడియోకే క్లెయిమ్ పడింది. పొద్దున లేచి చూస్తే వీడియో బ్లాక్. కారణం ఇంట్రోలో వాడిన 12 సెకన్ల ట్యూన్, లైసెన్స్ కొనుక్కుని వాడిందే. క్లెయిమ్ వేసింది ఓ మ్యూజిక్ కంపెనీ, పేరు అనవసరం.

అప్పట్లో ఛానెల్‌కి రోజుకి 3,300 వ్యూస్ దాకా వచ్చేవి. ఈ వీడియోవి 1,100 పోతే 2,200 మిగలాలి కదా, కానీ 2,000 కూడా దాటలేదు. మిగతావి ఎందుకు పడ్డాయో ఒక రోజంతా అర్థం కాలేదు. తర్వాత ట్రాఫిక్ సోర్స్‌లో Suggested videos మీద నొక్కి, ఏ వీడియో పక్కన నా వీడియోలు కనిపిస్తున్నాయో ఆ లిస్టు చూశా. టాప్‌లో లేని 137 వీడియోలకి ఏడాదిలో వచ్చిన 2.4 లక్షల్లో దాదాపు 60 వేలు ఈ ఒక్క వీడియో చూసినవాళ్లు అటు నుంచి వచ్చినవే. చిన్న వీడియోల వ్యూస్ నా ఛానెల్‌కి విడిగా ఉన్న బలం అనుకునేవాడిని, వాటిలో నాలుగో వంతు కూడా ఈ హిట్ మీదే వేలాడుతోంది. టాప్ వీడియో పోతే దాని సొంత వ్యూస్‌తో పాటు అది పంపే జనం కూడా పోతారు, 80 శాతం అన్న అంకెలో ఈ భాగం కనపడదు.

మూడో రోజు మెట్టు దిగి, ఎడిటర్‌లో Trim out segment తో ఆ 12 సెకన్లు కోసేశా. కొన్ని గంటల్లో క్లెయిమ్ పోయింది, వీడియో తిరిగొచ్చింది. ముందే చేసి ఉండాల్సింది, లైసెన్స్ ఉంది కదా ఎందుకు తగ్గాలి అని పట్టుబట్టి మూడు రోజులు పోగొట్టుకున్నా.

నాలుగో రోజు ఇంకో మూడింటికి క్లెయిమ్. అవి కూడా టాప్ 9లోవే, అదే ట్యూన్! వాటిలో ట్యూన్ ఇంట్రోకే పరిమితం కాదు, నా గొంతు కింద మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది, కోస్తే పాఠమే పోతుంది. ఇక అప్పీలే దారి అనిపించింది. అప్పీల్‌లో నిలబడాలంటే లైసెన్స్ కాగితం చేతిలో ఉండాలి, అది నా దగ్గర లేదు.

ఆ ట్యూన్ కొన్నది మా పాత ఎడిటర్, తన మెయిల్ ఐడీతో. తనూ నేనూ సరిగ్గా విడిపోలేదు. మ్యూజిక్ లైబ్రరీ వాళ్లకి రాస్తే అకౌంట్ మీది కాదు, ఆయన్నే అడగమనండి అన్నారు, రెండుసార్లు రాసినా అదే జవాబు. చివరికి ఫోన్ చేశా. "అన్నా, రెండేళ్లకి గుర్తొచ్చానా, ముందు నాకు రావాల్సింది ఇచ్చెయ్, కాగితం దానంతటదే వస్తుంది" అన్నాడు. ఆ బాకీ నిజమే, కాదనను. వాడి దగ్గర బతిమాలుతూ నిలబడ్డ ఆ పది నిమిషాలు ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే కష్టమైనవి. బాకీ ఇచ్చేశా, సర్టిఫికెట్ పంపాడు. ఎవరు కొన్నా సరే, ప్రతి ట్యూన్ లైసెన్సూ ఛానెల్ మెయిల్ పేరు మీదే ఉండాలి, ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. బ్లాక్ చేసిన క్లెయిమ్‌కి డిస్ప్యూట్ అనే మొదటి మెట్టు దాటేసి నేరుగా Escalate to appeal నొక్కొచ్చు, అవతలివాళ్లకి 7 రోజుల గడువు. వాళ్లు ఒప్పుకోకుండా వీడియో తీసేయమని టేక్‌డౌన్ పంపితే మనకి కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోయే ప్రమాదం. నావి మూడు వీడియోలు, మూడింటికీ ఒకేసారి అప్పీల్ వేస్తే ఒకే ట్యూన్ కోసం ఛానెల్ మొత్తాన్ని పందెం పెట్టినట్టు. గ్రూప్‌లో ఒక సీనియర్ "అన్నీ ఒకేసారి వేసెయ్, భయపడతారు" అన్నాడు, ఆయన మాట వినకపోవడమే నేను చేసిన మంచి పని. మూడింట్లో తక్కువ వ్యూస్ ఉన్నదానికి ముందు వేశా. ఆరో రోజు రిలీజ్ అయింది. ఆ తర్వాతే మిగతా రెండూ వేశా, అవీ వదిలేశారు.

ఇప్పుడు టాప్ 9 పేర్లు ఒక షీట్‌లో రాసి, ప్రతిదాని పక్కన ట్యూన్ ఏది, జనం ఎక్కడ నుంచి వస్తున్నారు, ఏ యాప్ గురించి అని మూడు కాలమ్స్ పెట్టా. నాలుగింటికి ఒకే ట్యూన్ అని ముందే చూసుంటే ఈ మూడు వారాలు ఉండేవి కావు. తొమ్మిది వీడియోలు అంటే తొమ్మిది స్తంభాలు అనుకున్నా, ఒకే ట్యూన్ మీద నాలుగు నిలబడి ఉంటే అవి ఒక్క స్తంభం కిందే లెక్క.

వ్యూస్ అన్ని వీడియోలకి సమానంగా పంచుదామని మాత్రం నేను కూర్చోను. పోయినేడాది ఆ పని కోసమే 20 వీడియోలు చేశా, ఒక్కటే పైకొచ్చింది, మిగతా 19 కదల్లేదు. ఏది పాకుతుందో ముందే తెలియదు, హిట్‌ని తగ్గించి చిన్నవాటిని పెంచడం మన చేతుల్లో లేదు. చేతుల్లో ఉన్నది ఏంటంటే కొత్తగా చేసేది పాత హిట్‌తో ట్యూన్‌లో, టాపిక్‌లో, జనం వచ్చే దారిలో కలవకుండా చూసుకోవడం. పైకొచ్చిన ఆ ఒక్కటీ వేరే యాప్ మీద చేసింది, సెర్చ్ నుంచి కాకుండా హోమ్ పేజీ నుంచి జనం వస్తున్నారు, బ్లాక్ పడ్డ రోజుల్లో దాని వ్యూస్ అసలు తగ్గలేదు.

ఆ మూడో కాలమ్ చూస్తే ఇంకా ఒక విషయం మిగిలింది, తొమ్మిదిలో ఆరు ఒకే యాప్ గురించి. దాని మెనూ మారిందంటే ఆరూ ఒకేసారి పాతబడతాయి, సెర్చ్‌లో ఆరూ ఒకేసారి కిందికి పోతాయి. బీటా వెర్షన్‌లో అప్పుడే బటన్లు జరిపారు. రేపు మొదటి రెండూ కొత్త స్క్రీన్‌తో మళ్లీ రికార్డ్ చేస్తున్నా, ఈసారి మ్యూజిక్ లేకుండా.