మూడు తరగతులు, నాలుగు సాధనాలు: మొదటి టర్మ్ ఎఫ్ఏ రికార్డులు నేను రాసుకున్న పద్ధతి

తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. నిరుడు నాకు ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇచ్చారు. వరుసగా 36, 40, 36 మంది, మొత్తం 112 మంది పిల్లలు. ఒక్కో ఎఫ్ఏకు, అంటే టర్మ్ మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనానికి, ఒక్కొక్కరికీ నాలుగు సాధనాల్లో మార్కులు వేయాలి. పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు 10, రాత అంశాలకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20, కలిపి 50. అంటే ఒక ఎఫ్ఏకు నేను వేయాల్సిన అంకెలు 448, టర్మ్ చివరి సంగ్రహణాత్మక మూల్యాంకనం ఎస్ఏ1 వచ్చేలోపు రెండు ఎఫ్ఏలకు కలిపి 896. ఎస్ఏ పేపర్లు దిద్దడం ఇందులో కలపలేదు.

రాయడం ఒక్కటే అయితే 896 అంకెలు పెద్ద పనేం కాదు. ప్రతి అంకె వెనకా ఆ పిల్లవాడి గురించి మనకు తెలిసినది ఏదో ఒకటి ఉండాలి, అసలు భారం అక్కడ ఉంది. అది జూన్ నుంచి కొద్దికొద్దిగా పోగవకపోతే జులై చివరి వారంలో రిజిస్టర్ ముందు కూర్చుని ఊహించి వేయాల్సి వస్తుంది. లఘు పరీక్షకు పేపరు ఉంటుంది, రాత అంశాలకు నోటుబుక్కు ఉంటుంది, ప్రాజెక్టుకు చార్టో రిపోర్టో ఉంటుంది. భాగస్వామ్యానికి మాత్రం చేతిలో ఏ కాగితమూ ఉండదు. అందుకే నా ప్లాన్ దానితోనే మొదలుపెట్టాను.

బడి తెరవగానే క్యాలెండర్ తీసుకుని ఎఫ్ఏ1 మార్కులు ఇవ్వాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాను. జూన్ రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా దాదాపు ఏడు వారాలు. మొదటి వారం పాత తరగతి విషయాలు గుర్తుచేయడానికి, చివరి వారం లఘు పరీక్షకు, ఎంట్రీకి పోయాయి. మిగిలిన ఐదు వారాల్లో ఎనిమిదో తరగతి 40 మందిని వారానికి ఎనిమిది మంది చొప్పున పంచుకున్నాను. ఏడు, తొమ్మిది తరగతుల్లో వారానికి ఏడుగురు, ఒక వారం ఎనిమిది మంది.

హాజరుపట్టీ వరుసలో వెళ్లలేదు. గ్రూపులో ఎక్కువగా మాట్లాడేవాళ్లనీ తక్కువగా మాట్లాడేవాళ్లనీ కలిపి జాబితా వేసుకున్నాను. ఆ వారమంతా నా కన్ను ఆ ఎనిమిది మంది మీద ఉంటుంది. పాఠం అందరికీ ఒకటే, ప్రశ్నలు అందరినీ అడుగుతాను, కానీ కాగితం మీద రాసుకునేది వాళ్ల గురించే. ఇంకెవరైనా ఆశ్చర్యపరిచే మాట అంటే అదీ రాస్తాను. తరగతికి ఒక్కో ఏ4 కాగితం మడిచి పాఠ్యపుస్తకంలో పెట్టుకున్నాను. పేరు ఎదురుగా మార్కు వేయను, ఒక ముక్క రాస్తాను. పీరియడ్ చివర పిల్లలు ఇంటిపని రాసుకుంటున్నప్పుడు ఇద్దరు ముగ్గురి గురించి రాయడానికి రెండు నిమిషాలు చాలు.

మార్కు వెంటనే ఎందుకు వేయలేదంటే, అంకె రాసేస్తే కారణం పోతుంది. ఎనిమిదో తరగతిలో ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు చెబుతున్నప్పుడు ఒక అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి 7 కలిపితే 31 వస్తుంది, ఆ సంఖ్య ఏది అన్నది లెక్క. 3x + 7 = 31 అని సరిగ్గానే రాశాడు. తర్వాతి వరుసలో 3x = 31 + 7 అన్నాడు, 38/3 దగ్గర ఆగిపోయాడు. నా కాగితంలో ఇలా ఉంది: "సమీకరణం రాయగలడు. +7ను అటు తీసుకెళ్తే గుర్తు మార్చలేదు. సరిచూసుకోలేదు." ఇక్కడ 5 అని రాసి వదిలేసి ఉంటే, జులై చివర ఆ అయిదు చూసి నాకు ఏమీ గుర్తొచ్చేది కాదు. ఈ మూడు ముక్కలు ఉన్నాయి కాబట్టి మర్నాడు రెండు వైపులా 7 తీసేయడం అతనితోనే చేయించాను, x = 8 వచ్చాక దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి చూడమన్నాను. రెండు వారాల తర్వాత పక్కబెంచీ పిల్లవాడికి "పెట్టి చూడు, కుదరదు" అని అతనే చెబుతుంటే విన్నాను. అదీ రాసుకున్నాను. చివర అతనికి 8 వేశాను. ఎవరైనా అడిగితే చూపడానికి రెండు వాక్యాలు ఉన్నాయి.

మాటల్ని మార్కులుగా మార్చడానికి ముందే ఒక కొలత అనుకున్నాను. అడిగితే జవాబు మాత్రం చెబితే 5, 6. ఎందుకు అలా వచ్చిందో చెప్పగలిగితే 7, 8. తోటివారి జవాబులో తప్పు పట్టుకున్నా, కొత్త ప్రశ్న లేపినా 9, 10. అస్సలు నోరు విప్పని పిల్లలకు వెంటనే తక్కువ వేయలేదు. వాళ్ల దగ్గర కూర్చుని జంటగా లెక్క చేయించి విన్నాను. తరగతి మొత్తం ముందు మాట్లాడని అమ్మాయిలు కొందరు పక్కనున్న స్నేహితురాలికి మాత్రం కారణాలతో సహా చెబుతారు. పంచుకున్న జాబితా లేకపోతే ఏ టీచర్ కాగితంలోనైనా చేతులెత్తే అయిదారుగురి పేర్లే నిండుతాయి, వీళ్లు ఖాళీగా మిగిలిపోతారు.

ఆ వారం రాని పిల్లలకు శనివారం కొంత సమయం ఉంచుకున్నాను. పొలం పనులకు వెళ్లి వరుసగా చాలా రోజులు రానివాళ్లకు అదీ సరిపోలేదు, వాళ్లను తర్వాతి వారం జాబితాకు జరిపాను.

నోటుబుక్కుల విషయంలో పెద్ద నిర్ణయం ఒక్కటే. ప్రతి పేజీ దిద్దడం ఒకటి, రాత అంశాలకు మార్కులు వేయడం మరొకటి. అభ్యాసాల్లోని లెక్కలు పిల్లలే నోటుబుక్కులు మార్చుకుని బోర్డు చూసి సరిచూసుకుంటారు, నేను పైపైన చూసి సంతకం పెడతాను. నేను పూర్తిగా చదివేది మన గణిత పుస్తకాల్లో "ఆలోచించి, చర్చించి రాయండి" అని వచ్చే ప్రశ్నల జవాబులే. అధ్యాయానికి రెండు ప్రశ్నలు ముందే ఎంచుకుంటాను. ఒక జవాబు చదవడానికి నిమిషం పట్టదు. రోజుకు ఒక వరుస పుస్తకాలు తీసుకుంటే వారంలో తరగతి అయిపోతుంది, సంచీ నిండా పుస్తకాలు ఇంటికి మోయాల్సిన పని లేదు. పిల్లవాడు సొంతంగా ఆలోచించాడా లేదా అన్నది ఆ రెండు జవాబుల్లోనే తెలుస్తుంది. నాలుగు పుస్తకాల్లో ఒకే వాక్యం కామాలతో సహా కనిపిస్తే అది గైడు. అప్పుడు మార్కు కోయడం కంటే అదే ప్రశ్నను అంకెలు మార్చి అక్కడికక్కడే రాయమంటే సంగతి తేలిపోతుంది.

ప్రాజెక్టులు మూడు తరగతులకూ ఒకే వారం ఇవ్వలేదు. తొమ్మిదికి మూడో వారం, ఎనిమిదికి నాలుగో వారం, ఏడుకు ఐదో వారం. అయిదుగురికో గ్రూపు, గ్రూపుకు ఒక్క రిపోర్టు. రిపోర్టు చివర ఒక్కొక్కరూ తాము చేసిన పని మూడు వాక్యాల్లో రాయాలి. ప్రదర్శించే రోజు ఒక్కొక్కరినీ ఒక్క ప్రశ్న అడిగాను. గ్రూపు అందరికీ ఒకే మార్కు పడకుండా ఆ ప్రశ్న కాపాడింది.

లఘు పరీక్ష దగ్గర పేపర్లతో పాటు ఒక లెక్కింపు కాగితం పెట్టుకున్నాను. ప్రశ్న నంబర్లు వరసగా రాసి, దిద్దుతున్నప్పుడు తప్పు కనిపించిన చోట గీత పెట్టడం, తప్పు ఏ రకమో ఒక మాట రాయడం. ఎనిమిదో తరగతిలో వయసుల లెక్క ఇచ్చాను: తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, 12 ఏళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది, ఇప్పుడు వాళ్ల వయసులెంత? రావాల్సిన సమీకరణం 3x + 12 = 2(x + 12), కొడుకు 12, తండ్రి 36. ఆ ప్రశ్న ఎదురుగా 23 గీతలు పడ్డాయి. వాటిలో 15 మంది 3x + 12 = 2x + 12 అని రాశారు. అలా చేస్తే x = 0 వస్తుంది, కొడుకు వయసు సున్నా! చాలామంది ఆ సున్నాను జవాబుగా రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

మార్కుల రిజిస్టర్‌లో ఇది కనిపించదు. అక్కడ 20కి 11 అనో 13 అనో ఉంటుంది. గీతల కాగితంలో మాత్రం రెండు సంగతులు విడివిడిగా తేలాయి. ఒకటి, "12 ఏళ్ల తర్వాత కొడుకు వయసు" మొత్తానికి రెండు రెట్లు అన్నది పట్టుబడలేదు, అంటే మాటల నుంచి సమీకరణానికి వెళ్లే వ్యక్తపరచడం అన్న ప్రమాణంలో లోపం. రెండు, వచ్చిన జవాబు అర్థవంతంగా ఉందా అని చూసుకునే అలవాటు లేదు. సమీకరణం సాధించడంలో తప్పు చేసినవాళ్లు తక్కువే. కాబట్టి సాధన పద్ధతి మళ్లీ చెప్పలేదు. ఒక పీరియడ్ మొత్తం ఇప్పుడు, 12 ఏళ్ల తర్వాత అని రెండు గడుల పట్టిక గీయించి, సమీకరణం రాయడం దగ్గరే ఆపాను. చివర ఇంకో వయసుల లెక్క బోర్డు మీద ఇచ్చాను. సరిగ్గా రాసినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టానంతే. దానికోసం కొత్త రికార్డు తెరవలేదు, లఘు పరీక్ష మార్కు మార్చలేదు.

మా హెచ్ఎం సార్ మొదట ఆ మడతల కాగితాలు చూసి, "వీటిని నీట్‌గా రిజిస్టర్‌లోకి ఎక్కించండి, ఎవరైనా అడిగితే చూపాలి కదా" అన్నారు. రెండోసారి రాస్తే పని రెట్టింపవుతుందని, రిజిస్టర్‌లో మార్కులు మాత్రం ఉంటే చాలని, వాటికి ఆధారంగా ఈ కాగితాలనే ఫైలులో పెడతానని చెప్పాను. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అడిగేది పిల్లవాడి అవగాహననూ, దాన్ని వాడగలిగే శక్తినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయడమే, చేతిరాత అందంగా ఉండాలని కాదు. ఆయన కాసేపు కాగితాలు చదివి, ప్రతి దాని మీదా తేదీ, తరగతి వేయమని మాత్రం అన్నారు. అది మంచి సలహా. తేదీ ఉంటేనే మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య పిల్లవాడు ఎంత కదిలాడో తెలుస్తుంది.

ఆన్‌లైన్ ఎంట్రీ రోజుకు ఒక తరగతి చొప్పున చేశాను. పక్కన ఒకరు పేరు, మార్కు చదివితే త్వరగా అవుతుంది, ఒక వరస కిందికి జారి ఒకరి మార్కు ఇంకొకరికి పడే ప్రమాదమూ తగ్గుతుంది. అలా జారిందో లేదో తెలుసుకోవడానికి చివరి పేరు మార్కు సరిచూస్తే చాలు.

ఎఫ్ఏ2కు ఈ లెక్క యథాతథంగా కుదరలేదు. వానలకు సెలవులు వచ్చాయి, ఐదు వారాలు నాలుగయ్యాయి. అప్పుడు అందరినీ సమానంగా చూడాలని పట్టుబట్టలేదు. ఎఫ్ఏ1 కాగితాల్లో ఒక్క వాక్యమే ఉన్నవాళ్లను, లఘు పరీక్ష తర్వాత బోర్డు మీద ఇచ్చిన వయసుల లెక్కకు టిక్కు పడనివాళ్లను ముందు పెట్టి కొత్త జాబితా వేశాను. ఎనిమిదో తరగతిలో అలాంటివాళ్లు 17 మంది తేలారు. మొదటి రెండు వారాలు వాళ్లకే ఇచ్చి, మిగతా 23 మందిని చివరి రెండు వారాల్లో చూశాను.