గురువారం పన్నెండింటి లోపు: కాల్ సెంటర్ డాష్‌బోర్డును తిరగరాసిన నా అనుభవం

నేను మొదట తయారుచేసిన వారపు డాష్‌బోర్డులో 24 చార్టులు ఉండేవి. గుండ్రటి మీటర్లు, ఎరుపు పచ్చ బాణాలు, ఏజెంట్ల ర్యాంకుల పట్టిక, నెలవారీ పోలికలు, అన్నీ చూడముచ్చటగా అమర్చాను. ప్రతి సోమవారం ఉదయం మా కాల్ సెంటర్ మేనేజర్ గారికి పంపేదాన్ని. ఆమె ప్రతిసారీ ధన్యవాదాలు చెప్పేవారు. అయితే దాన్ని చూసి ఆమె ఏదైనా మార్చిన దాఖలా నాకు ఒక్కటీ కనిపించలేదు. అది నన్ను చాలా రోజులు బాధించింది.

చివరికి ఒక వారమంతా ఆమె పక్కన కూర్చుంటానని అడిగి ఒప్పించుకున్నాను. సోమవారం నా డాష్‌బోర్డు తెరిచి, పైనుంచి కిందికి ఒకసారి చూసి, నిమిషం తిరగకుండా మూసేశారు. గురువారం మాత్రం వేరే దృశ్యం. మా దగ్గర వచ్చే వారం రోస్టర్ గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఖరారవుతుంది. పదకొండు దాటాక ఆమె తన నోట్‌బుక్ తీసి, టీమ్ లీడర్లను ఒక్కొక్కరినీ పిలిచి, "ఈ వారం ఎప్పుడు ఎక్కువ ఇబ్బంది పడ్డారు?" అని అడిగి రాసుకున్నారు.

"ఆ వివరాలు డాష్‌బోర్డులో ఉన్నాయి కదా మేడమ్?" అన్నాను.

"ఉండవచ్చమ్మా. సోమవారం చూసినది గురువారానికి గుర్తుండదు. పైగా అది పోయిన వారం సంగతి. నాకు కావలసింది, ఇప్పుడు ఎవరిని ఏ గంటకు మార్చాలన్నది."

ఆ మాటతో నా పని మొదలైంది. చార్టులు పక్కన పెట్టి, ఒక వారంలో ఆమె నిజంగా తీసుకునే నిర్ణయాలేమిటో రాసుకున్నాను. మూడే తేలాయి. వచ్చే వారం ఏ అరగంటలో ఎంతమందిని కూర్చోబెట్టాలి? ఏ రకం కాల్స్ గురించి వేరే విభాగంతో మాట్లాడాలి? టీమ్ లీడర్లు ఏ ఏజెంట్ల పక్కన కూర్చుని కాల్స్ వినాలి? ఈ మూడింటిలో దేన్నీ మార్చలేని అంకె పేజీలో ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. మొత్తం కాల్స్ సంఖ్య, అతి పొడవైన కాల్, నెలవారీ పోలికలు, గుండ్రటి మీటర్లు అన్నీ అలా పోయాయి. మీటరు గురించి నా అభిప్రాయం గట్టిది. అది ఒక్క అంకెను చూపించడానికి పావు పేజీ తీసుకుంటుంది, ఆ అంకె పోయిన వారం ఎంత ఉందో మాత్రం చెప్పదు.

వారం లెక్కనూ మార్చాను. సోమవారం నుంచి శనివారం వరకు కాకుండా, గురువారం మొదలై బుధవారం రాత్రితో ముగిసేలా పెట్టాను. పేజీ గురువారం ఉదయం తొమ్మిదికి ఆమె చేతిలో ఉంటుంది. రోస్టర్ ఖరారుకు ఇంకా మూడు గంటలుంటాయి. చిన్న మార్పే, కానీ నేను చేసిన అన్ని మార్పులలో ఎక్కువ ఉపయోగపడింది ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక మొదటి నిర్ణయం. మా లక్ష్యం చాలాచోట్ల ఉన్నదే: 80 శాతం కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తాలి. దీన్నే సర్వీస్ లెవెల్ అంటాం. ఆ వారం 9,000 కాల్స్ వస్తే 7,290 కాల్స్‌ను గడువులోగా ఎత్తారు, అంటే 81 శాతం. పాత డాష్‌బోర్డులో అక్కడ పచ్చ రంగు వెలిగేది, ఎవరూ ముందుకు వెళ్లి చూసేవారు కాదు. అవే కాల్స్‌ను అరగంటల వారీగా విడదీస్తే సోమవారం పది నుంచి పన్నెండు వరకు 600 కాల్స్ వచ్చాయి, 20 సెకన్లలో ఎత్తినవి 252 మాత్రమే. అంటే 42 శాతం. మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత 95 శాతం పైనే ఉంది. అప్పుడు ఏజెంట్లు కాల్ కోసం ఎదురుచూస్తున్నారు, సోమవారం ఉదయం వినియోగదారులు ఏజెంటు కోసం ఎదురుచూస్తున్నారు. ఈ రెండూ కలిసి పచ్చ రంగయ్యాయి.

ఇక్కడే నా పాత షీట్‌లో ఒక తప్పు బయటపడింది. ప్రతి అరగంటకూ శాతం లెక్కకట్టి, ఆ శాతాలకు మళ్లీ సగటు తీస్తున్నాను. 20 కాల్స్ వచ్చిన అరగంటలో 100 శాతం, 180 కాల్స్ వచ్చిన అరగంటలో 40 శాతం ఉంటే ఆ పద్ధతిలో 70 శాతం వస్తుంది. నిజానికి 200 కాల్స్‌లో గడువులోగా ఎత్తినవి 92, అంటే 46 శాతం. ఖాళీగా ఉన్న అరగంటలు రద్దీగా ఉన్న అరగంటలను కప్పేస్తాయి. C నిలువు వరుసలో వచ్చిన కాల్స్, D లో గడువులోగా ఎత్తినవి, E లో శాతం ఉంటే:

```
తప్పు:  =AVERAGE(E2:E145)
సరి:    =SUM(D2:D145)/SUM(C2:C145)
```

మీ షీట్‌లో ఈ తప్పు ఉందో లేదో తెలుసుకోవాలంటే రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో సూత్రం బాగా తక్కువ చూపిస్తే, మీ రద్దీ వేళలు ఇబ్బందిలో ఉన్నాయి.

కొత్త పేజీలో పై సగమంతా ఒకే పట్టిక. నిలువునా అరగంటలు, అడ్డంగా రోజులు, 80కి తగ్గిన గళ్లకు మాత్రమే రంగు. గడి పక్కన ఇంకెంతమంది కావాలో అంకె. ఆ అంకె కోసం ఎర్లాంగ్ సి సూత్రం వాడాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో నిరీక్షణను లెక్కగట్టడానికి డెన్మార్క్‌కు చెందిన ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన లెక్క అది. సోమవారం ఉదయం అరగంటకు 150 కాల్స్, ఒక్కో కాల్‌కు సగటున 360 సెకన్లు. అంటే 30 మంది ఊపిరి సలపకుండా చేస్తే సరిపోయేంత పని. ఆ వేళ కుర్చీల్లో ఉన్నది 32 మంది. సూత్రం ప్రకారం 32 మందితో దాదాపు 44 శాతం వస్తుంది, 35 మందితో 78, 36 మందితో 85. మేము చూసిన 42కు ఆ 44 ఎంత దగ్గరగా ఉందో చూశాక మేనేజర్ గారికి లెక్క మీద నమ్మకం కుదిరింది.

"నలుగురు చాలా?" అని రెండుసార్లు అడిగారు. అడగడం సహజమే. సర్వీస్ లెవెల్ సగానికి పడిపోతే పదిమందైనా కావాలని అనిపిస్తుంది. కానీ క్యూ అంచు మీద ఉన్నప్పుడు ఒక్కరు తగ్గినా బారు పెరిగిపోతుంది, ఒక్కరు చేరినా కరిగిపోతుంది. మధ్యాహ్నం షిఫ్టు నుంచి నలుగురిని సోమవారానికి మాత్రం ఉదయానికి మార్చారు. తర్వాతి సోమవారం ఒకరు సెలవు పెట్టడంతో 35 మందే ఉన్నారు, 79 శాతం వచ్చింది. కొత్తగా ఎవరినీ తీసుకోలేదు. ఈ సూత్రానికీ ఒక పరిమితి ఉంది. విసుగు పుట్టి మధ్యలో ఫోను పెట్టేసేవారు ఎవరూ ఉండరని అది అనుకుంటుంది. అందువల్ల వదిలేసిన కాల్స్ ఎక్కువగా ఉన్నచోట అవసరానికి మించి మనుషులను అడుగుతుంది.

రెండో నిర్ణయానికి ఒకే అంకె ఉంచాను: ఏడు రోజుల్లోపు అదే విషయం మీద మళ్లీ చేసినవారి శాతం. ఇక్కడ ఒక చిక్కుంది. నిన్న కాల్ చేసినవారు మళ్లీ చేస్తారో లేదో తెలియాలంటే ఇంకా ఆరు రోజులు ఆగాలి. తాజా వారం లెక్క వేస్తే ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. మొదటి రెండు వారాలు మేము దాన్ని మెరుగుదల అనుకున్నాం. అందుకని ఈ అంకెను ఒక వారం వెనక్కి జరిపి, ఏ వారానిదో పక్కనే రాశాను.

దాని పక్కన బాణాలు పెట్టలేదు. ఈ శాతం 17.2 నుంచి 18.9కి పెరిగినప్పుడు గతంలో ఎర్ర బాణం చూసి గంటసేపు సమావేశం పెట్టుకున్నాం, తర్వాతి వారం అదే తగ్గిపోయింది. ఈసారి పది వారాల అంకెలు తీసుకున్నాను. సగటు 18. వారానికీ వారానికీ మధ్య తేడాల సగటు దాదాపు 1. ఆ తేడాను 2.66తో గుణించి సగటుకు అటూ ఇటూ గీతలు గీస్తే సుమారు 15.3, 20.7 వచ్చాయి. మామూలు హెచ్చుతగ్గులను నిజమైన మార్పు నుంచి వేరుచేసే నియంత్రణ చార్టులలో వాడే మామూలు పద్ధతే ఇది. గీతల మధ్య ఉన్నంతకాలం ఆ అంకె గురించి ఎవరూ సంజాయిషీ చెప్పనక్కరలేదని మేనేజర్ గారు టీమ్ లీడర్లకు చెప్పారు.

కొత్త పేజీ మొదలైన ఏడో వారంలో 21.9 వచ్చింది. కాల్స్‌ను కారణాల వారీగా విడదీస్తే పెరిగినదంతా డబ్బు వాపసు గురించి అడిగేవారిదే. పన్నెండు రికార్డింగులు విన్నాను. వాటిలో తొమ్మిది మంది దాదాపు ఒకే మాట అన్నారు: "మూడు రోజుల్లో వస్తుందని మెసేజ్ వచ్చింది, ఇవాళ నాలుగో రోజు." వాపసుకు నిజానికి ఏడు రోజులు పడుతోంది. మెసేజ్‌లో పాత గడువే ఉండిపోయింది. మేనేజర్ గారు ఆ గురువారమే సంబంధిత విభాగానికి రాసి వాక్యం మార్పించారు. మూడు వారాల తర్వాత అంకె మళ్లీ గీతల లోపలికి వచ్చింది.

మూడో నిర్ణయానికి ర్యాంకుల పట్టికను పూర్తిగా తీసేశాను. తక్కువ సమయంలో కాల్ ముగించడంలో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండే ఏజెంటు కాల్స్ వింటే, సమస్య తీరకముందే "రేపు మళ్లీ చేయండి" అంటున్నట్టు తేలింది. ఆ రెండో కాల్ వేరే ఏజెంటు ఖాతాలో పడుతోంది. నాణ్యత మార్కులతో వేరే ఇబ్బంది. వారానికి ఒక్కొక్కరివి నాలుగు కాల్స్ మాత్రమే వింటాం, ఒక్కటి బాగా లేకపోతే పావు వంతు మార్కులు పోతాయి. నాలుగు వారాల కాల్స్ కలిపి, మళ్లీ వచ్చిన కాల్స్ శాతం అదే రకం కాల్స్ చూసే మిగతావారి కంటే స్పష్టంగా ఎక్కువ ఉన్నవారి పేర్లు మాత్రం చూపిస్తున్నాను. అవి టీమ్ లీడర్లకే కనిపిస్తాయి. కొన్ని వారాలు ఒక్క పేరూ ఉండదు, ఆ చోటు ఖాళీగానే వదిలేస్తాను.

పేజీ అడుగున మూడు గళ్లున్నాయి: పోయిన గురువారం ఏం మార్చాం, ఏం ఆశించాం, ఏం జరిగింది. వాటిని నేను నింపను, మేనేజర్ గారే చేత్తో రాస్తారు. నాలుగో నెలలో ఒక గురువారం ఆమె పేజీని నా బల్ల దగ్గరకు తెచ్చారు. వదిలేసిన కాల్స్ శాతం ఉన్న వరుస మీద పెన్నుతో గీత కొట్టి ఉంది. "పట్టికలో రంగు పడినచోటే ఇదీ పెరుగుతోంది. దీన్ని చూసి నేను విడిగా మార్చినదేమీ లేదు, తీసేయండి" అన్నారు. తీసేశాను. ఆ చోటులో ఆమె రాసుకునే గళ్లను కాస్త పెద్దవి చేశాను.