మ్యాక్ అడ్రస్ పట్టుకుని గోడ దాకా: మా కాలేజీలో ఒక పూట

తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను. మొన్న సోమవారం పొద్దున పదింటికి ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు. "అన్నా, ల్యాబ్‌లో సగం సిస్టమ్స్‌కి నెట్ లేదు, మిగతావి బాగానే ఉన్నాయి. రెండింటికి ఆన్‌లైన్ టెస్ట్ ఉంది, ఏం చేద్దాం?" అన్నాడు. వెళ్లి చూస్తే 60 సిస్టమ్స్‌లో 22 ఆగిపోయాయి. కేబుళ్లు బాగానే ఉన్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. ఒకదాంట్లో `ipconfig /all` కొట్టగానే విషయం అర్థమైంది. మా ల్యాబ్ ఐపీలన్నీ 10తో మొదలవుతాయి, దీనికేమో 192.168.0.104 వచ్చింది, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ అన్న చోట 192.168.0.1 అని ఉంది. అలాంటి సర్వర్ మా దగ్గర లేదు.

అంటే ఎవరో ఇంట్లో వాడే వైఫై రౌటర్‌ని తెచ్చి గోడకున్న పోర్ట్‌లో పెట్టారు, అదీ కేబుల్‌ని దాని ల్యాన్ పోర్ట్‌లో గుచ్చారు. అలా గుచ్చితే ఆ రౌటర్ మన నెట్‌వర్క్ మొత్తానికి ఐపీలు పంచడం మొదలుపెడుతుంది. సిస్టమ్ ఆన్ చేయగానే "నాకు ఐపీ ఎవరిస్తారు" అని అందరినీ అడుగుతుంది కదా, మామూలుగా ముందు జవాబిచ్చినవాడిదే తీసుకుంటుంది. ఒక్కోసారి మా సర్వర్ ముందుంటుంది, ఒక్కోసారి ఆ రౌటర్. అందుకే సగం బాగున్నాయి, సగం పోయాయి. ల్యాబ్‌తో పాటు బి బ్లాక్ స్టాఫ్ రూములు కూడా ఒకే వీల్యాన్‌లో, అంటే స్విచ్‌ల్లో విడగొట్టి పెట్టిన ఒకే నెట్‌వర్క్ భాగంలో, నంబరు 30లో ఉన్నాయి. కాబట్టి అది ఈ ల్యాబ్‌లోనే ఉండాలని లేదు, రెండు బిల్డింగుల్లో ఎక్కడైనా ఉండొచ్చు. గది గదికీ తిరిగి వెతికితే సాయంత్రమవుతుంది. టెస్ట్‌కి నాలుగు గంటలు కూడా లేదు.

తప్పుడు ఐపీ వచ్చిన సిస్టమ్‌లోనే కూర్చుని 192.168.0.1కి ఒక పింగ్ కొట్టి, `arp -a` చూశాను. దాని మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరం గుర్తింపు నంబరు, దొరికింది. ఇక్కడ అసలుది రాయడం లేదు, ఉదాహరణలకు వాడే నంబరు పెడుతున్నాను: 00-00-5e-00-53-2a. మొదటి ఆరు అంకెలు తయారు చేసిన కంపెనీవి, అసలు నంబరులో అవి ఇంటి రౌటర్లు చేసే కంపెనీకే వెళ్లాయి, నా అనుమానం గట్టిపడింది. ఐపీని బట్టి మ్యాక్ కనుక్కునే ఈ ఆర్ప్ ఒకే వీల్యాన్ లోపల మాత్రమే పనిచేస్తుంది, అందుకే ఈ పని నా ఆఫీసు గది నుంచి కాకుండా బాధ ఉన్న సిస్టమ్ నుంచే చేయాలి.

ఏ మ్యాక్ ఏ పోర్ట్‌లోంచి వస్తుందో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, తర్వాత మెయిన్ బ్లాక్ సర్వర్ రూమ్‌లో ఉన్న సిస్కో కోర్ స్విచ్‌లోకి లాగిన్ అయ్యాను. విండోస్ మ్యాక్‌ని గీతలతో చూపిస్తుంది, సిస్కో నాలుగేసి అంకెల మధ్య చుక్కలు పెడుతుంది. ఒక్క అంకె తప్పు కొట్టినా ఖాళీ జవాబే వస్తుంది, అది లేదేమో అనుకుని మోసపోతాం. అందుకే కాపీ చేసి మార్చుకున్నాను.

```
CORE# show mac address-table address 0000.5e00.532a
Vlan    Mac Address       Type        Ports
  30    0000.5e00.532a    DYNAMIC     Po2
```

Po2 అంటే రెండు కేబుళ్లను కలిపి ఒకటిగా చేసిన లింక్. `show etherchannel summary` చూస్తే అందులో 23, 24 పోర్ట్‌లు ఉన్నాయి, `show cdp neighbors` చూస్తే ఆ రెండింటికీ అవతల ఉన్నది బి బ్లాక్ స్విచ్ అని తేలింది. ఈ జవాబు చెప్పేది ఒక్కటే, ఆ రౌటర్ నుంచి వచ్చే ఫ్రేములు ఈ దారిన లోపలికి వస్తున్నాయని. అది ఈ పోర్ట్‌కే తగిలించి ఉందని కాదు. అవతల ఇంకో స్విచ్ ఉంటే అక్కడికెళ్లి మళ్లీ ఇదే ప్రశ్న అడగాలి, స్విచ్ లేని పోర్ట్ వచ్చేదాకా.

బి బ్లాక్ స్విచ్‌కి బయటి నుంచి లాగిన్ కుదరలేదు, పాస్‌వర్డ్ ఎప్పుడో మార్చినట్టున్నారు. ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్ పట్టుకుని నడిచి వెళ్లాను. రాక్ తాళంచెవి ఆఫీసులో అడిగి తెచ్చుకునేసరికి పావుగంట అయింది. కన్సోల్ నుంచి లోపలికి వెళ్లి అదే కమాండ్ కొడితే, ఏమీ రాలేదు. ఖాళీ. టెన్షన్ మొదలైంది, ఎవరో రౌటర్ పీకేశారేమో అనుకున్నాను, పీకేస్తే మంచిదే గానీ రేపు మళ్లీ పెడతారు, అప్పుడు మళ్లీ ఇదే కథ.

ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసింది. స్విచ్ ఒక మ్యాక్‌ని నేర్చుకునేది ఆ పరికరం ఏదైనా పంపినప్పుడే. సిస్కోలో మామూలుగా 300 సెకన్ల పాటు దాని నుంచి ఏమీ రాకపోతే ఆ వరుస టేబుల్ నుంచి పోతుంది. నేను పింగ్ కొట్టింది నాలుగే సార్లు, అది జరిగి పావుగంట దాటింది. ల్యాబ్ అసిస్టెంట్‌కి ఫోన్ చేసి, "ఆ మూలన ఉన్న సిస్టమ్‌లో `ping -t 192.168.0.1` కొట్టి అలాగే వదిలెయ్, నేను చెప్పేదాకా ఎవర్నీ ముట్టనివ్వొద్దు" అన్నాను. "సరేనన్నా, రిప్లై వస్తా ఉంది" అన్నాడు. రిప్లై వస్తోందంటే రౌటర్ ఇంకా ఉంది. ఈసారి కమాండ్ కొడితే వచ్చింది, Gi1/0/25.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పింగ్ ల్యాబ్ నుంచే కొట్టించడం వల్ల రౌటర్ జవాబులు బి బ్లాక్ నుంచి కోర్ మీదుగా ల్యాబ్ దాకా వెళ్తున్నాయి, కాబట్టి దారిలో ఉన్న ప్రతి స్విచ్‌కీ ఆ మ్యాక్ గుర్తుంటుంది. అదే నేను బి బ్లాక్ స్విచ్‌కే ల్యాప్‌టాప్ తగిలించి పింగ్ కొడితే, ఆ జవాబులు కోర్ వైపు పోవు, కోర్ దాన్ని మర్చిపోయినా మనకు తెలియదు.

25కి అవతల ఏముందో, ఇందాక పక్క స్విచ్‌ని చూపిన సీడీపీ ఈసారి ఏమీ చెప్పలేదు. చెప్పలేదంటే స్విచ్ లేదని కాదు, సీడీపీ సిస్కో సొంతం, వేరే కంపెనీ స్విచ్ అయితే కనిపించకపోవచ్చు. `show mac address-table interface Gi1/0/25` కొట్టాను, ముప్పై పైచిలుకు మ్యాక్‌లు వచ్చాయి. ఒక గోడ పోర్ట్ వెనక అన్ని ఉండవు. `show interfaces description` చూస్తే ఇంతకు ముందు ఇక్కడ పనిచేసినాయన ఆ పోర్ట్‌కి `TO-2F-RACK` అని రాసి పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాట నాకు ఎంత సమయం మిగిల్చిందో.

రెండో అంతస్తు రాక్‌లో వేరే కంపెనీ స్విచ్. దానికి మ్యాక్ రాసే పద్ధతే వేరు, మధ్యలో ఒక్క గీత:

```
2F# show mac-address 00005e-00532a
```

పోర్ట్ 17 అని వచ్చింది. `show mac-address 17` అని ఆ పోర్ట్ మొత్తం చూశాను, నాలుగు మ్యాక్‌లు. ఒకటి మన రౌటర్‌ది. మిగతా మూడు చూడగానే ఆగాను, ఇక్కడ ఇంకో చిన్న స్విచ్ దాచి పెట్టారా? కానీ ఆ మూడింటిలోనూ రెండో అంకె చూస్తే 2, a, e ఉన్నాయి. రెండో అంకె 2, 6, a, e లలో ఒకటైతే అది కంపెనీ ఇచ్చిన మ్యాక్ కాదు, పరికరం తనంతట తాను పెట్టుకున్నది. ఇప్పటి ఫోన్లు వైఫైకి కనెక్ట్ అయినప్పుడు ఇలాగే తమ సొంత మ్యాక్ దాచి వేరేది వాడతాయి. అంటే ఆ మూడూ చాలావరకు ఫోన్లు, రౌటర్ వైఫైలో ఉన్నవి, రౌటర్ వాటిని ల్యాన్ పోర్ట్‌తో కలిపేస్తుంది కాబట్టి అన్నీ ఈ 17లోంచే కనిపిస్తున్నాయి. ఇక స్విచ్‌ల దారి అయిపోయింది, మిగిలింది గోడ.

స్విచ్ పోర్ట్ నుంచి గోడ దాకా ఏ కమాండూ తీసుకెళ్లదు, ఇది కేవలం చేత్తో చేసే పని. 17లోంచి వచ్చే నీలం ప్యాచ్ కార్డ్‌ని వేళ్ల మధ్య పెట్టుకుని, కట్టగట్టిన కేబుళ్లలోంచి మెల్లగా జరుపుకుంటూ వెళ్తే, గోడల నుంచి కేబుళ్లు వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్‌లో 9లో తేలింది. ప్యానెల్ లేబుల్ మీద 2B-09 అని మసకగా ఉంది. మా ఎక్సెల్ షీట్‌లో 2B-09 అంటే పాత డ్రాయింగ్ హాల్. ఆ హాల్‌ని ఎప్పుడో ప్లైవుడ్ గోడ పెట్టి రెండు స్టాఫ్ రూములు చేశారు, షీట్ మారలేదు.

పోర్ట్‌ని డౌన్ చేసి ఎవరు అరుస్తారో చూడొచ్చు, కానీ ఆ పని చేస్తే పెట్టినాయన రౌటర్ సర్దేసి వేరే గోడకి మారుస్తాడు, నాకు చోటు తెలియదు. మా ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర కేబుల్‌లోకి సిగ్నల్ పంపే టోనర్ ఉంది, ప్యానెల్ 9లోంచి ప్యాచ్ కార్డ్ ఒక్క నిమిషం తీసి దానికి టోన్ తగిలించాం. ఆ సిగ్నల్ తగిలితే కూసే ప్రోబ్ పట్టుకుని మొదటి గది గోడలన్నీ తిరిగితే ఏమీ లేదు. రెండో గదిలో స్టీల్ బీరువా దగ్గరకి రాగానే కూత మొదలైంది, వెనక్కి చెయ్యి పెట్టేకొద్దీ పెద్దదైంది. ఇద్దరం కలిసి బీరువాని జానెడు జరిపితే గోడ ప్లేట్, దానికో కేబుల్, బీరువా పైన పుస్తకాల వెనక తెల్లటి రౌటర్.

ఆ గదిలో కూర్చునే మేడమ్ క్లాస్ నుంచి వచ్చారు. "ఇక్కడ ఫోన్ సిగ్నల్ అస్సలు రాదు బాబూ, ఇంట్లో ఖాళీగా ఉంటే తెచ్చి పెట్టుకున్నా, దీనివల్ల ల్యాబ్ ఆగిపోతుందని నాకేం తెలుసు" అన్నారు. ఆమె చెప్పింది నిజమే, ఆ మూలన మా వైఫై యాక్సెస్ పాయింట్ అందదు. రౌటర్ తీసి ఆమె చేతికిచ్చాను, ఆ వారంలోనే అక్కడ ఒక యాక్సెస్ పాయింట్ పెట్టిస్తానని మాటిచ్చాను, పెట్టించాను కూడా.

ఇంకా పని అయిపోలేదు. రౌటర్ తీసేసినా ఆ 22 సిస్టమ్స్ తీసుకున్న ఐపీని వదలవు, దాని గడువు, అంటే లీజు, తీరేదాకా దాన్నే పట్టుకుని ఉంటాయి. ఒక్కోదాంట్లో `ipconfig /release`, `ipconfig /renew` కొట్టాం, నేను కొన్ని, ల్యాబ్ అసిస్టెంట్ కొన్ని. ఒంటిగంటన్నరకి అన్నీ 10తో మొదలయ్యే ఐపీల్లోకి వచ్చాయి, టెస్ట్ టైమ్‌కి జరిగింది.

సాయంత్రం బి బ్లాక్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాను, మనం నమ్మిన పోర్ట్ నుంచి తప్ప వేరే చోటి నుంచి ఐపీ జవాబులు వస్తే అది ఆపేస్తుంది. కోర్ వైపు పోయే లింక్‌ని ముందు ట్రస్ట్ చేసి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. వరుస తారుమారైతే మన అసలు సర్వర్ జవాబులే ఆగిపోతాయి.

```
interface Port-channel1
 ip dhcp snooping trust
exit
ip dhcp snooping vlan 30
ip dhcp snooping
```

రెండో అంతస్తు స్విచ్‌లో కూడా దాని సొంత కమాండ్లతో ఇదే పెట్టాలి, లేకపోతే ఆ అంతస్తులోనే ఇంకో రౌటర్ పెడితే పక్క గదుల వాళ్లకు మళ్లీ తప్పుడు ఐపీలే వస్తాయి. అది మరుసటి రోజు చేశాను. చివరగా బీరువా వెనక ప్లేట్ మీద మార్కర్‌తో 2B-09 అని రాసి, ఎక్సెల్ షీట్‌లో "డ్రాయింగ్ హాల్" తీసేసి ఇప్పటి గది నంబరు, "బీరువా వెనక" అని పెట్టాను.