శ్రీనాథుడి రాజులెవరో తేల్చడానికి అంకిత పద్యాలు పట్టుకుని కూర్చున్నాను: నా అనుభవం

నిన్న రాత్రితో పట్టిక పూర్తయింది. శ్రీనాథుడు ఏయే రాజుల దగ్గర, ఎప్పుడు కొలువు చేశాడో ఆయన అంకిత పద్యాల్లోంచే తీద్దామని మొదలుపెట్టాను. కావ్యాలు అంకితం పుచ్చుకున్న కృతిపతుల పేర్లు వరుసగా రాసుకుంటే ఆశ్రయదాతల జాబితా దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. అలా రాలేదు.

పేర్లు తీయడం గంట పని. కావ్యం మొదట్లో వచ్చే అవతారికలో ముందు ఇష్టదేవతా స్తుతి, తర్వాత పూర్వకవి స్తుతి ఉంటాయి. ఆపైన కృతిపతి కొలువుదీరి కవిని పిలిపించడం, అతని వంశవర్ణన, చివర 'ఫలానావాడికి' అంటూ సాగే షష్ఠ్యంతాలు వస్తాయి. అసలు పేరు, బిరుదులు షష్ఠ్యంతాల్లో దొరుకుతాయి. ఆశ్వాసాల మొదటా చివరా వచ్చే సంబోధన పద్యాలతో వాటిని సరిచూసుకోవాలి. ఆశ్వాసాంత గద్యలో మాత్రం వెతక్కండి. అక్కడ కమలనాభుడి మనవడు, మారయామాత్యుడి కొడుకు అంటూ కవి తన సంగతే చెప్పుకుంటాడు. ఒక హెచ్చరిక: అవతారిక కుదించిన విద్యార్థి ప్రతులు కొనకండి. నేను మొదట కొన్న ప్రతిలో వంశవర్ణన మొత్తం ఎత్తేశారు. కథకు అడ్డమనుకున్నారు కాబోలు. మన పనికి కావలసింది సరిగ్గా ఆ భాగమే.

ఇలా తీస్తే ఐదు పేర్లు వచ్చాయి. శృంగార నైషధం మామిడి సింగనకు, భీమఖండం బెండపూడి అన్నయకు, కాశీఖండం వీరభద్రారెడ్డికి, హరవిలాసం అవచి తిప్పయ్యసెట్టికి, శివరాత్రి మాహాత్మ్యం ముమ్మడి శాంతయ్యకు. ఇందులో రాజు ఒక్కడే, వీరభద్రారెడ్డి. సింగన, అన్నయ మంత్రులు. తిప్పయ్య వర్తకుడు.

నాలుగు రోజులు నన్ను తిప్పలు పెట్టింది ఇక్కడే. కొండవీడు పెదకోమటి వేమారెడ్డి ఏడి? శ్రీనాథుడు ఆయన ఆస్థానంలో విద్యాధికారి అని చిన్నప్పటినుంచీ చదువుకున్నాం. కానీ దొరికిన కావ్యాల్లో ఒక్కటీ ఆయనకు అంకితం కాలేదు. అంకితాలొక్కటే నమ్ముకుంటే కవికి అన్నం పెట్టిన రాజే పట్టికలోంచి జారిపోతాడు. ఆ ఉద్యోగం తెలిసేది శాసనంలో. రాజు ధర్మశాసనానికి శ్లోకాలు కట్టి, చివర కవి తన పేరూ హోదా చెప్పుకున్నాడు: "విద్యాధికారీ శ్రీనాథో వీరశ్రీ వేమభూపతేః". జీతం రాజుది, కావ్యం ఆ రాజు మంత్రిది. ఇది అర్థమయ్యాక పట్టికలో ఒక గడిని రెండు చేశాను, కృతిపతికి ఒకటి, కృతిపతి కొలిచిన ప్రభువుకు ఒకటి. సింగన పక్కన పెదకోమటి వేముడు, అన్నయ పక్కన రాజమహేంద్రవరం రెడ్లు వచ్చి కూర్చున్నారు.

రెండో గడి నింపేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది: 'వేమ' అన్న పేరు. కొండవీట్లో అనవేముడు, పెదకోమటి వేముడు, రాచవేముడు. రాజమహేంద్రవరంలో కాటయ వేముడు, అల్లయ వేముడు. పద్యంలో ఛందస్సు కోసం కవి ఒట్టి 'వేమ' అని వదిలేస్తాడు. భీమఖండం అవతారికలో, వేముడి రాజ్యం అభివృద్ధి చెందేలా అన్నయమంత్రి అహమ్మదు అనే పాలకుడికి పారసీలో లేఖలు రాశాడని ఒక పద్యం ఉంది. నేను మొదటిసారి ఆ వేముణ్ణి పెదకోమటి వేముడనుకుని పట్టికంతా చెడగొట్టుకున్నాను. నన్ను దారిలో పెట్టింది ఆ రెండో పేరే. బహమనీ అహమ్మద్ షా గద్దెనెక్కింది 1422లో. పెదకోమటి వేముడు 1420కే పోయాడు. కాబట్టి ఇక్కడి వేముడు వీరభద్రారెడ్డి అన్న అల్లయ వేముడే. రాజు పేరు ఒంటరిగా కనిపిస్తే నమ్మకండి. అదే పద్యంలోనో పక్క పద్యంలోనో అన్నదమ్ముడు, తండ్రి, శత్రువు, ఎవరో ఒకరు తోడు దొరికేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచండి.

పోయిన కావ్యాల కృతిపతులు కూడా ఒక్కోసారి దొరుకుతారు. నైషధం అవతారికలో సింగన కవితో అంటాడు:

జగము నుతింపఁగఁ జెప్పితి
ప్రెగడయ్యకు నా యనుంగుఁ బెద్దనకుఁ గృతుల్
నిగమార్థ సారసంగ్రహ
మగు నా యారాధ్యచరిత మాదిగఁ బెక్కుల్

పండితారాధ్య చరిత్ర ఇప్పుడు లేదు. అది ఎవరికి అంకితమో చెప్పేది ఈ కందమే. తొందరగా చదివితే ప్రెగడయ్య ఒకడు, పెద్దన ఇంకొకడు అనిపిస్తుంది. 'నా' అంటున్నది కవి కాదు, సింగన. 'పెద్దన' అంటే పెద్దన్న అని తీసుకుంటే ఇద్దరూ ఒకరే అవుతారు: నా ప్రియమైన అన్న ప్రెగడయ్య. పండితులు ఎక్కువగా ఒప్పుకున్నది ఇదే, నాకూ ఇదే సరిగా తోచింది. ఎవరి నోటి మాటో చూడకుండా పేరు రాసుకుంటే లేని మనిషి పుట్టుకొస్తాడు.

చాటువుల గురించి గట్టిగానే చెప్తాను. డిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించడం, ముత్యాలశాలలో కనకాభిషేకం, రావు సింగభూపాలుడి కొలువు, ఇవన్నీ ఒక్క సీసంలో గడగడా వస్తాయి. అందుకే అందరూ దాన్నే ముందు పట్టుకుంటారు. ఏ గ్రంథంలోనూ లేని, నోటినోటా వచ్చిన పద్యం అది. నేను పట్టికలో దానికి విడిగా వరుస పెట్టాను. కాశీఖండంలో 'కర్ణాటదేశ కటక పద్మవనహేళి' అని కవి తన్ను తాను చెప్పుకున్న మాట ఉంది. కన్నడ రాజ్యంతో సంబంధానికి సాక్ష్యంగా నేను దాన్ని ముందు పెడతాను.

ఆ మాట ఉన్నది 'చిన్నారి పొన్నారి చిఱుత కూకటినాఁడు' అనే సీసంలో. కావ్యాల వరుస పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు: మరుద్రాట్చరిత్ర, సప్తశతి, నైషధం, భీమఖండం, ఇప్పుడు కాశీఖండం. మొదటి రెండూ దొరకలేదు, వాటి కృతిపతుల గడులు ఖాళీ. చిక్కంతా హరవిలాసంతో. అందులో అవచివారి వర్ణనలో కొమరగిరి రాజుకు 'కూర్మిహితుఁడు' అన్న మాట వస్తుంది. కొండవీట్లో కుమారగిరి పాలన 1386 నుంచి 1402 దాకా. అది చూసి కుమారగిరిని శ్రీనాథుడి ప్రభువుగా రాసేవాళ్లున్నారు. ఆ స్నేహం సెట్టి ఇంటిది, కవిది కాదు. వర్తకుల కుటుంబం తమ పాత వైభవం చెప్పుకున్నంత మాత్రాన కావ్యం ఆ రాజు కాలంలోనే పుట్టినట్టూ కాదు.

ఇంకొందరు, సీసంలో హరవిలాసం లేదు కాబట్టి అది కాశీఖండం తర్వాతిదే అంటారు. నేనూ మొన్నటిదాకా అదే రాసుకున్నాను. పైన చూసిన కందం మళ్లీ చదివాక కొట్టేశాను. నైషధానికి ముందే పండితారాధ్య చరిత్ర ఉందని సింగన నోటితోనే విన్నాం, సీసంలో అదీ లేదు. ఒక కావ్యాన్ని వదిలేసిన సీసం ఇంకొకదాన్నీ వదిలేయగలదు. తిప్పయ్యసెట్టి వరుసలో కాలం గడి ఖాళీగానే ఉంది. ప్రభువు గడిలో అడ్డగీత పెట్టాను.