నైవేద్యం గిన్నె

శ్రావణ శుక్రవారం, రాత్రి.

ఈ రోజు మా ఇంట వరలక్ష్మీ వ్రతం జరిగింది. పెళ్ళయి ఆరేళ్ళయినా ఈ పండుగనాడు మా ఇద్దరికీ తగవు వచ్చేది పూజ దగ్గర కాదు, ప్రసాదం దగ్గరే. ఆయనా అత్తయ్యా లూథరన్ సంఘానికి చెందినవారు. విగ్రహానికి అర్పించిన పదార్థాన్ని ముట్టరు.

మొదటి ఏడు ఆయన పులిహోర పళ్ళెం పక్కకు జరిపితే, అమ్మవారినే తోసేసినట్టు బాధపడి రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత ఆయన బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని 8, 10 అధ్యాయాలు తీసి చూపించారు. విగ్రహం వట్టిదని తెలిసినవాడికి తినడంలో తప్పు లేదని, అయితే అతడు తినడం చూసి మరొకరి మనస్సాక్షి నొచ్చుకునేటట్లయితే మానుకోవాలని పౌలు అక్కడ రాశాడు. మా ఇంట్లో ఆ మరొకరు అత్తయ్య. ఆయన మానుకున్నది తల్లి కోసమని తెలిశాక నాకు కోపం సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

వాళ్ళ వాటా ముందే తీసిపెడదామంటే, నివేదన కాకముందు ఎవరు నోట పెట్టినా ఎంగిలేనని మా అమ్మ ఫోన్‌లో కోప్పడింది. చివరికి కుదిరిన పద్ధతి ఇది: వండినవి ఉప్పు కూడా చూడకుండా కొద్దికొద్దిగా వెండి గిన్నెలోకి తీసి అమ్మవారి ముందు పెడతాను, హారతి అయ్యేదాకా ఎవరూ తినరు. మా పుట్టింట్లో నివేదించిన దానిని తిరిగి పెద్ద గిన్నెలో కలిపితే అంతా ప్రసాదమవుతుంది. ఇక్కడ అలా కలపను. కలపనంతవరకూ పెద్ద గిన్నెలోది వాళ్ళకు మామూలు వంటే.

ఈ రోజు ఆ కలపడమే జరిగింది. నేను వాయనం శనగలు పక్కింటి పిన్నిగారికి ఇచ్చి వచ్చేసరికి, మా అయిదేళ్ళ పిల్ల వెండి గిన్నెలోని బూరెలను పెద్ద పళ్ళెంలో పోసేసింది. ఒక బూరెకు చామంతి రేక అతుక్కుని ఉంది కనుక అది తెలిసింది. మిగతా నాలుగూ ఏవో తెలియలేదు. ఏమీ ఎరగనట్టు వడ్డించవచ్చు. అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తినవచ్చని ఆ పత్రికలోనే ఉంది కదా అని, నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం అనుకున్నాను కూడా. కానీ అత్తయ్య నన్ను ఏమీ అడగదు, నమ్మి తింటుంది. అందుకే చెప్పేశాను.

ఆయన మొహం చిట్లించి, "పిల్లకు అందేచోట ఎందుకు పెట్టావు?" అన్నారు. నాకూ మాట పెరిగింది. అత్తయ్య మాత్రం, పూర్ణం ఇంకా మిగిలిందా అని అడిగి, తోపు పిండి కలుపుకుని, తానే పొయ్యి దగ్గర నిలబడి ఎనిమిది బూరెలు వేసుకుంది. నా చేతి తోరానికి నూనె చింది పడుతుందేమోనని నన్ను వెనక్కు జరగమంది. పళ్ళెంలోవి రేపు మా అమ్మ వాళ్ళింటికి పంపుతాను.