వంజరంలో పాదరసం వేట: మూడో ప్రయత్నం

ఈ ఆదివారం కూడా స్ట్రిప్పు తెల్లగానే ఉంది. నీళ్లలో పాదరసం చూసే స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో తెప్పించి, వాటితో చేపను పట్టేద్దామనుకున్నాను.

బందరు నుంచి బెజవాడ మార్కెట్‌కి వచ్చిన ఆరు కిలోల వంజరంలోంచి 50 గ్రాముల ముక్క తీసుకున్నాను. మొదటిసారి చింతపండు రసంలో నానబెడితే స్ట్రిప్పుకి గోధుమరంగు పట్టి ఏమీ తేలలేదు. తర్వాత రెండుసార్లూ తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లు, 200 మి.లీ. రాత్రంతా నానబెట్టి, అరగంట ఉడికించి, ఆవిరైన నీళ్లు మళ్లీ పోసి వడగట్టాను. ముక్క తోలు, పొట్ట కొవ్వు ముందే తీసేశాను. అదీ దండగే, ఎందుకో కింద చెబుతాను.

లెక్క వేస్తే రంగు రావాలి. అమెరికా ఎఫ్‌డీఏ జాబితాలో వంజరానికి దగ్గరి చుట్టం కింగ్ మ్యాకెరెల్‌కి సగటున కిలోకి 0.73 మి.గ్రా. పాదరసం ఉంది. మన ముక్కలో అందులో సగమే ఉన్నా, అంతా నీళ్లలోకి దిగితే లీటరుకి 0.09 అవుతుంది. స్ట్రిప్పు డబ్బా మీద మొదటి గడి 0.05.

దిగలేదన్నమాట. చేపలో ఉండేది ఎక్కువగా మిథైల్ మెర్క్యురీ. అది కండలోని ప్రొటీన్లలో ఉన్న గంధకాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పులుపుకి వదలదు. ల్యాబుల్లో సాధారణంగా నైట్రిక్ యాసిడ్‌తో కండనంతా కరిగించాక కొలుస్తారు, ఇంట్లో ఆ సాహసం వద్దు. పైగా నా స్ట్రిప్పు పట్టేది నీళ్లలో కరిగిన పాదరస లవణాలనే. ఉడికాక ముక్క 39 గ్రాములు తూగింది. నీరు పోయింది, పాదరసం ఉండిపోయింది, అంటే గ్రాముకి మోతాదు పెరిగిందే గానీ తగ్గలేదు.

మా బావకి ఇంకో అనుమానం: "కవళ్ళకే కదరా నూనె ఎక్కువ, విషమంతా వాటిలోనే పేరుకోదూ?" డీడీటీ లాంటివైతే నిజమే, అవి కొవ్వులో చేరతాయి. పాదరసం మాత్రం కండలో చేరుతుంది. అందుకే నేను కొవ్వు కోసేసినా లాభం లేదు. కవళ్ళు తినేది ప్లాంక్టన్, బతికేది రెండు మూడేళ్లు. వంజరం వాటినే ఏళ్ల తరబడి తింటుంది. తిన్న ప్రతి చేపలోని మిథైల్ మెర్క్యురీ దాని కండలో చేరుతుంది, బయటికి పోవడం మాత్రం చాలా నిదానం. కవళ్ళంటే సార్డైన్లే, అదే జాబితాలో వాటికి 0.013. 150 గ్రాముల కింగ్ మ్యాకెరెల్‌లో దాదాపు 110 మైక్రోగ్రాములుంటే, అంతే సార్డైన్లలో రెండు.

కవళ్ళ పులుసు బాగా కుదిరింది.

స్ట్రిప్పులకి ఇక డబ్బు పెట్టను. ఒక గ్రాము కంటే తక్కువ తేడా చూపని కాటా కూడా మార్చాలి, 0.1 గ్రాము చూపేది కావాలి. ఈసారి రెండు కిలోల వంజరం, ఎనిమిది కిలోల వంజరం కొని, టేపుతో పొడవు రాసుకుని, రెంటిలోనూ తోక దగ్గరి ముక్కే ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపుతాను. ఒకే జాతిలో వయసుకి పాదరసం ఎంత పెరుగుతుందో చూడాలి. ఎనిమిది కిలోలది దొరికితే మిగతా ముక్కలు ఎవరు తింటారన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.