పండగ ఆర్డర్లకి ఆఖరు తేదీ

ఒకటో తేదీ, సోమవారం

ఇవాళ కుట్టుపని కంటే క్యాలెండర్ ముందు కూర్చున్నదే ఎక్కువ. పండగ 31, బుధవారం. ఆర్డర్లు ఎప్పటిదాకా తీసుకోవాలో తేల్చి ఈ సాయంత్రానికల్లా అందరికీ చెప్పేయాలి. కొలతలిచ్చి కుట్టించుకునే బట్టలకి ఈ ఒక్క తేదీ సరిగ్గా పడితే నెలంతా సాఫీగా నడుస్తుంది. తప్పుగా పడితే దాని బరువు చివరి మూడు రోజుల మీద పడుతుంది.

లెక్క పండగ నుంచి వెనక్కి రావాలి. బట్టలు పండగ రోజు చేతికిస్తే లాభం లేదు. ఇంటికెళ్ళి వేసుకుని చూసుకోవాలి, చంక దగ్గర పట్టేస్తే తిరిగి తేవాలి. కాబట్టి 27, శనివారం కల్లా అందరికీ ఇచ్చేయాలి. అందులో 26, 27 కొత్త కుట్టుకి కాదు, ట్రయల్ చూసుకున్నాక వచ్చే చిన్న మార్పులకి. అంటే మిషన్ మీద కొత్త బట్ట ఆఖరుగా ఎక్కేది 25న. రేపటి నుంచి 25 దాకా ఆదివారాలు తీసేస్తే 21 పనిరోజులు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఒక జత పూర్తవడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసి, అన్ని రోజులు వెనక్కి లెక్కేసి తేదీ పెట్టేస్తారు. బట్ట తడిపి ఆరేయడానికి ఒక రోజు, కటింగ్‌కి ఒకటి, కుట్టుకి ఒకటి, కాజాలు, హెమ్మింగ్, ఇస్త్రీకి ఒకటి. నాలుగు రోజుల పని. ఆ లెక్కన 20వ తేదీ దాకా హాయిగా తీసుకోవచ్చు అనిపిస్తుంది. కానీ అది వరుసలో ముందు ఎవరూ లేకపోతే. 20న వచ్చిన బట్ట తన ముందున్న వాటన్నిటి వెనకా నిలబడుతుంది.

అందుకే రెండో లెక్క వరుసది. ముగ్గురు కుట్టేవాళ్ళు, అన్నీ కుదిరిన రోజున పది జతలు అవుతాయి. అన్నీ కుదరని రోజులు ఉంటాయి కాబట్టి ఎనిమిదే వేసుకోవాలి. ఒకరికి జ్వరం, కరెంటు కోత, రంగుకి సరిపోయే జిప్పు దొరక్కపోవడం, ఇవన్నీ ఆ రెండు జతల తేడాలోనే ఇమడాలి. ఎనిమిదిని 21తో హెచ్చిస్తే 168. పుస్తకంలో ఇప్పటికే ఉన్నవి 58. మిగిలింది 110 జతలకి చోటు. మామూలు రోజుల్లో ఐదు ఆర్డర్లొస్తాయి, ఆఖరు తేదీ చెప్పగానే అవి పదవుతాయి. పదేసి చొప్పున 110 నిండటానికి 11 పనిరోజులు. రేపటి నుంచి లెక్కేస్తే సరిగ్గా 13, శనివారం.

ఒక లెక్క 20 అంటోంది, ఇంకోటి 13 అంటోంది. ఏది ముందొస్తే అదే తేదీ. మధ్యేమార్గంగా 16 అనడం ఇందులో కుదరదు. మధ్యలో ఆదివారం పోగా ఆ రెండు పనిరోజుల్లో వచ్చే ఇరవై జతలకి కుట్టే చేతులు లేవు.

కొరియర్‌లో తెప్పించుకునేవాళ్ళది విడి లెక్క. మామూలుగా మూడు నాలుగు రోజుల్లో చేరే పార్సిల్‌కి పండగ రద్దీలో వారం వేసుకోవాలి. పార్సిల్ 20న ఇక్కడ బయల్దేరాలంటే కుట్టు 19కి అయిపోవాలి. కాబట్టి వాళ్ళకి ఆఖరు రోజు కూడా వారం ముందే, 6, శనివారం. గడువు తక్కువ కాబట్టి వాళ్ళకి ఇవాళ మధ్యాహ్నమే చెప్పాం. వాళ్ళతో ఒక మాట మరీ స్పష్టంగా ఉండాలి: బట్ట పంపిన రోజు కాదు, మాకు అందిన రోజే లెక్క. ఇది రాయకపోతే 6న పోస్టు చేసిన రసీదు ఫొటో పంపి, గడువులోపే ఇచ్చామంటారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే.

ఇక చెప్పే మాట. దీనికి పట్టిన సమయం లెక్కకి పట్టలేదు. "ఆర్డర్లకు చివరి తేదీ 13" అని ఒక్క ముక్క రాస్తే దాన్ని మూడు రకాలుగా చదువుతారు. 13న బట్టలు ఇస్తారనుకునేవాళ్ళు కొందరు. 13 రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడితే చాలనుకునేవాళ్ళు కొందరు. 12న ఫోన్ చేసి "రెండు జతలున్నాయి, తెస్తాను" అన్నారు కాబట్టి తమది లోపలే ఉందనుకునేవాళ్ళు ఇంకొందరు. గొడవల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకం నుంచే వస్తాయి, ఎందుకంటే ఆర్డరు అంటే ఏమిటో మనం చెప్పలేదు. తెస్తానన్నది ఆర్డరు కాదు. బట్ట, కొలతలు, అడ్వాన్సు, ఈ మూడూ అందితేనే ఆర్డరు. మోడల్ తర్వాత చెప్తామంటే కత్తెర పెట్టలేం కాబట్టి అదీ కొలతలతోపాటే రావాలి.

చివరికి ఇలా ఖాయం చేశాం:

"పండగ బట్టల ఆర్డర్లు 13వ తేదీ, శనివారం సాయంత్రం 7 గంటల వరకు తీసుకుంటాం. బట్ట, మోడల్‌తో సహా కొలతలు, అడ్వాన్సు ఆ లోపు అందితేనే ఆర్డరు ఖాయం. కొరియర్‌లో కావాలంటే ఇవన్నీ 6వ తేదీ, శనివారంలోపు మాకు చేరాలి. గడువులోపు ఇచ్చినవి 27, శనివారం కల్లా సిద్ధంగా ఉంటాయి. 13 దాటాక ఇచ్చినవి పండగ తర్వాత, వచ్చే నెల 10, శనివారం నుంచి వరుసగా ఇస్తాం. కుట్టుకూలి అంతే, మారదు."

తేదీ పక్కన వారం పేరు తప్పకుండా ఉండాలి. అంకె ఒక్కటే తప్పు పడినా, తప్పు చదివినా ఎవరూ గుర్తుపట్టరు; వారం కలవకపోతే వెంటనే అడుగుతారు. "త్వరపడండి", "పరిమితంగానే" లాంటి మాటలు తీసేశాం. అవి ఏడాది పొడవునా అందరూ రాసే మాటలు, వాటి మధ్యలో అసలు తేదీ కనబడకుండా పోతుంది. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా ఇదే మెసేజ్‌లో ఉండాలి. గడువు అయ్యాక చెబితే అది తమని ఉద్దేశించి పెట్టిన షరతులా వినిపిస్తుంది, ముందే అందరికీ చెబితే పద్ధతిలా ఉంటుంది.

మెసేజ్ మూడుసార్లు పోవాలి: ఇవాళ, 8న సోమవారం, 12న శుక్రవారం. అదే వాక్యాలు, ఒక్క అక్షరం మార్చకుండా. మాటలు మారితే తేదీ కూడా మారిందేమో అనుకుంటారు. అందరికీ పంపే మెసేజ్ చాలామంది తెరవరు, కాబట్టి ఈ నెలలో ధర అడిగి వెళ్ళినవాళ్ళకి, బట్ట ఇచ్చి కొలతలు ఇవ్వనివాళ్ళకి విడిగా పేరు పెట్టి పంపాలి. "మీ బట్ట మా దగ్గరుంది, కొలతలు 13 లోపు ఇస్తేనే పండగకి అవుతుంది" అన్న ఒక్క వాక్యం చాలు. సగం అందిన ఆర్డర్లే అన్నిటికంటే ప్రమాదం. బట్ట షాపులో ఉంది కాబట్టి పని నడుస్తోందని వాళ్ళు నిశ్చింతగా ఉంటారు, మన పుస్తకంలో మాత్రం అది ఎక్కి ఉండదు.

8న రాత్రి ఒకసారి పుస్తకం చూడాలి. అప్పటికి కొత్తవి 60 దాకా రావాలి. 70 దాటినా తేదీని 13 కంటే ముందుకి తేకూడదు, ఎందుకంటే 13 అని మాటిచ్చాం. దానికి బదులు మగ్గం వర్క్ ఉన్నవీ, ఎక్కువ కుచ్చులున్నవీ ఆపేసి సాదా కుట్టు మాత్రమే తీసుకోవాలి. ఒక వర్క్ జత పట్టే సమయంలో సాదావి రెండు మూడు అవుతాయి. రోజుకి ఎనిమిదే లెక్కేసుకున్నాం కాబట్టి కొంత ఇముడుతుంది కూడా.

ఇప్పుడు 14 తర్వాతి సంగతి. ఆలస్యంగా వచ్చినవాళ్ళని వెనక్కి పంపనక్కర్లేదు, కానీ వాళ్ళ ఎదుటే బిల్లు మీద "పండగ తర్వాత, 10వ తేదీ" అని పెద్దగా రాసి, చదివి వినిపించాలి. బిల్లు పుస్తకం కూడా వేరేది వాడాలి. ఒకే పుస్తకంలో రాస్తే కటింగ్ చేసేవాళ్ళు నంబరు వరుసలో తీస్తూ పొరపాటున అదీ తీసేస్తారు. "చూద్దాం, వీలైతే ఇస్తాం" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. మనం మొహమాటానికి అన్నదాన్ని వాళ్ళు ఒప్పుకున్నట్టుగా తీసుకుని, ఇంకెక్కడా ప్రయత్నించకుండా ఆగిపోతారు. తీరా 29న లేదంటే వాళ్ళకి దారి ఉండదు. 14నే లేదంటే రెడీమేడ్ కొనుక్కోవడానికి రెండు వారాలుంటాయి.

పండగకే కావాలని పట్టుబట్టేవాళ్ళకి వెయిటింగ్ జాబితా ఉంటుంది, ఎనిమిది జతల వరకే, అంటే ఒక్క రోజు పని. ఎవరైనా ఆర్డరు వెనక్కి తీసుకుంటే ఆ చోటు వీళ్ళకి. జాబితాలో ఉన్నవాళ్ళ దగ్గర అడ్వాన్సు తీసుకోకూడదు, బట్ట ఉంచుకోకూడదు, కొలతలు మాత్రం రాసుకోవాలి. 18, గురువారం సాయంత్రానికి అవునో కాదో మనమే ఫోన్ చేసి చెప్పాలి. 18 ఎందుకంటే, అవునన్నవాళ్ళు 19న బట్ట ఇస్తే 20న తడిపి ఆరేసి, సోమవారం కటింగ్ చేసి 25లోపు ముగించవచ్చు.

ఎక్కువ డబ్బిస్తాం, ముందు కుట్టండి అనేవాళ్ళు ఉంటారు. నా అభిప్రాయంలో తీసుకోకూడదు. ఆ డబ్బుతో 21 పనిరోజులు 22 కావు. గడువులోపు ఇచ్చిన ఇంకొకరి చోటే చేతులు మారుతుంది. రాత్రి కూర్చుని అదనంగా కుడదామంటే, అలసిన చేతులకి కుడి చెయ్యి, ఎడమ చెయ్యి మారి అతుకుతాయి, దాన్ని విప్పి మళ్ళీ కుట్టడానికి పొద్దున పని సగం పోతుంది. పాత బట్ట పొడవు తగ్గించడం, హుక్కు మార్చడం లాంటి పావుగంట పనులు వేరు. వాటికి 24 దాకా రోజూ పొద్దున ఒక గంట విడిగా పెట్టాం, మిగతా వేళల్లో అవీ వద్దు.

లోపలున్న ఆర్డర్లలో ఏదైనా మన వల్ల జారితే, 24న పుస్తకం తిరగేసినప్పుడే ఆ మనిషికి ఫోన్ వెళ్ళాలి. ఏ రోజు ఇవ్వగలమో చెప్పాలి. అది కుదరదంటే బట్ట, అడ్వాన్సు రెండూ అదే రోజు తిరిగిచ్చేయాలి. బట్ట కత్తిరించి ఉంటే దాని ఖరీదు కూడా మనదే.